రాజు కీలక గడికి చేరతాడా లేదా: అపోజిషన్‌తో తేల్చుకోవడం ఎలా

ఒక చదరంగం టోర్నమెంట్‌లో నా ఆట చివరికి వచ్చేసరికి బోర్డు మీద రెండు రాజులు, నా బంటు ఒకటే మిగిలాయి. బంటు నాదే కాబట్టి గెలుపు కూడా నాదే అనుకుని దాన్ని ముందుకు తోశాను. నాలుగు ఎత్తుల తర్వాత ఎదుటివాళ్ల రాజు వచ్చి బంటు ముందు కూర్చున్నాడు. మరి కదల్లేదు. ఇంటికెళ్లి అదే పొజిషన్ పెట్టి చూస్తే, ఆ ఒక్క బంటు ఎత్తుకు బదులు రాజును కదిపి ఉంటే గెలిచేవాణ్ణని తెలిసింది. రాజులిద్దరూ ఎదురెదురుగా నిలబడి, కదలాల్సినవాడు దారి వదలాల్సి వచ్చే పరిస్థితే అపోజిషన్ అని అప్పటికే నాకు తెలుసు. దాన్ని ఎప్పుడు చూడాలో, ఎప్పుడు పక్కన పెట్టాలో మాత్రం తెలియలేదు.

అందుకే ఇక్కడ వరుస కొంచెం మారుస్తున్నాను. చాలామంది అపోజిషన్‌తో మొదలుపెడతారు. మీరు గడితో మొదలుపెట్టండి. అపోజిషన్ పనిముట్టు మాత్రమే, చేరాల్సిన చోటు కీలక గడి. ఈ రెండూ తారుమారైతే, అపోజిషన్ చేతిలో ఉండి కూడా ఓడిపోవచ్చు. అలాంటి ఆటొకటి కింద చూపిస్తాను.

రాతలో K అంటే రాజు. గడి పేరు ఒక్కటే ఉంటే అది బంటు ఎత్తు. అంకె తర్వాత మూడు చుక్కలుంటే అది నలుపు ఎత్తు, + అంటే చెక్. బంటు ఎప్పుడూ తెలుపుదే. ఒక బోర్డు పక్కన పెట్టుకుని చదివితే మంచిది, ఎందుకంటే ఇవి కళ్లతో చదివితే ఎక్కవు, చేత్తో జరిపితేనే ఎక్కుతాయి.

మొదటి పని: కీలక గళ్లను గుర్తించండి

కీలక గడి అంటే, తెలుపు రాజు అక్కడ కాలు పెడితే ఎత్తు ఎవరిదైనా సరే, బంటు మంత్రి అయ్యే గడి. ప్రతి బంటుకీ ఇవి స్థిరంగా ఉంటాయి, ఎదుటి రాజు ఎక్కడున్నా మారవు. బంటు 2, 3, 4 అడ్డ వరుసల్లో ఉంటే దాని నుంచి రెండు వరుసలు ముందుకు లెక్కపెట్టండి. అక్కడ బంటు నిలువు వరుసలోని గడి, దానికి అటూ ఇటూ ఉన్న గళ్లు, మొత్తం మూడు. బంటు e2లో ఉంటే d4, e4, f4. బంటు e3కి వస్తే d5, e5, f5. అంటే బంటు ఒక అడుగు ముందుకు వేసిన ప్రతిసారీ రాజు చేరాల్సిన గీత కూడా ఒక అడుగు దూరం జరుగుతుంది. నేను టోర్నమెంట్‌లో చేసుకున్న నష్టం సరిగ్గా ఇదే. గమ్యాన్ని నా చేత్తోనే దూరం నెట్టుకున్నాను.

బంటు 5వ వరుసకి చేరితే కథ కొంచెం తేలికవుతుంది. బంటు e5లో ఉంటే d7, e7, f7తో పాటు d6, e6, f6 కూడా కీలకమే. ఆరు గళ్లు. దీని ఉపయోగం చివర్లో కనిపిస్తుంది. a, h వరుసల బంట్లు వేరే జాతి, వాటి సంగతి కూడా తర్వాత.

రెండో పని: దగ్గరి అపోజిషన్‌ను ఒకసారి చేత్తో ఆడి చూడండి

ఈ పొజిషన్ పెట్టండి. ఎత్తు నలుపుది.

```
8/8/4k3/8/4K3/4P3/8/8 b - - 0 1
```

తెలుపు రాజు e4, బంటు e3, నలుపు రాజు e6. బంటుకి కీలక గళ్లు d5, e5, f5. మూడింటినీ నలుపు రాజు ఒక్కడే e6లో నిలబడి కాపలా కాస్తున్నాడు. ఇక్కడ అతను కదలకుండా ఉండగలిగితే తెలుపు ఏమీ చేయలేదు. కానీ ఎత్తు అతనిది, కదలక తప్పదు. ముందుకు రాలేడు, ఆ మూడు గళ్లనీ అవతలి నుంచి తెలుపు రాజు కూడా కాస్తున్నాడు. పక్కకో వెనక్కో జరగాలి.

అపోజిషన్ అంటే ఇంతే. రాజులిద్దరూ ఒకే వరుసలో, మధ్యలో ఒక్క గడి ఖాళీతో ఎదురెదురుగా నిలబడ్డప్పుడు, కదలాల్సిన పని లేనివాడిది అపోజిషన్. కదలాల్సినవాడు దారి వదలాలి.

నలుపు Kd6 వేశాడనుకుందాం. ఇక్కడ కొత్తవాళ్లు చేసే తప్పు వెంటనే Kd4 వేసి మళ్లీ ఎదురుగా నిలబడటం. అది చెడ్డది కాదు గానీ అవసరం లేదు. అతను ఎడమకి వెళ్తే మీరు కుడికి వెళ్లండి. Kf5. అది కీలక గడి, మీరు చేరిపోయారు.

ఆ తర్వాత ఇలా సాగుతుంది. నలుపు Ke7, తెలుపు Ke5. మళ్లీ ఎదురెదురు, మళ్లీ ఎత్తు నలుపుదే. Kd7, తెలుపు Kf6. ఇప్పుడు బంటుకి దారి దాదాపు సాఫీ. Ke8, e4, Kd7, e5, Ke8, అప్పుడు Ke6. నలుపు Kd8 అంటే తెలుపు Kf7. Kd7, e6+, Kd6, e7, ఆపైన e8లో మంత్రి. గమనించండి, తెలుపు మొదటి మూడు ఎత్తుల్లో బంటు అంగుళం కూడా కదల్లేదు. దారి చేసింది రాజు, నడిచింది తర్వాత బంటు.

ఇదే పొజిషన్‌లో ఎత్తు తెలుపుది అయితే డ్రా. Kd4 అంటే నలుపు Kd6, Kf4 అంటే Kf6. తెలుపు ఎటు వెళ్తే నలుపు అటే ఎదురుగా వస్తాడు. బంటును కదిపి ఒక ఎత్తు వృథా చేసి, కదలాల్సిన బాధ్యత అతని మీదకు నెట్టేద్దామంటే బంటు ముందు e4లో మన రాజే అడ్డంగా నిలబడి ఉన్నాడు.

మరి బంటు e3లో కాక e2లో ఉంటే? రాజులు అవే e4, e6, ఎత్తు తెలుపుదే. అప్పుడు తెలుపు నిమ్మళంగా e3 అంటాడు. పొజిషన్ అదే అయింది, ఎత్తు మాత్రం నలుపుది. దీన్నే చేతిలో ఒక ఎత్తు ఉండటం అంటాం. రాజుకీ బంటుకీ మధ్య కనీసం ఒక అడ్డ వరుస ఖాళీ ఉంటేనే ఈ ఎత్తు ఉంటుంది. అందుకే e2 బంటుకి e4 కీలక గడి అయింది, e3 బంటుకి కాలేదు. కీలక గళ్లు రెండు వరుసల ముందు ఉండటానికి కారణం ఈ ఒక్క ఎత్తే. ఈ సంగతి అర్థమైతే పట్టిక కంఠస్థం చేయాల్సిన పని లేదు.

మూడో పని: దూరం నుంచే లెక్క తేల్చండి

ఆటల్లో రాజులు ఇంత దగ్గరగా దొరకరు. మంత్రులు, ఏనుగులు మార్చుకోగానే రాజులు ఎక్కడో మూలల్లో ఉంటారు. మార్చుకోవాలా వద్దా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. ఈ పొజిషన్ చూడండి. ఈ వ్యాసం మొత్తంలో మీరు ఒక్కదాన్నే గుర్తుపెట్టుకోదలిస్తే ఇది పెట్టుకోండి.

```
4k3/8/8/8/8/8/4P3/4K3 w - - 0 1
```

తెలుపు రాజు e1, బంటు e2, నలుపు రాజు e8. కీలక గళ్లు d4, e4, f4. తెలుపు ఎత్తయితే గెలుపు, నలుపు ఎత్తయితే డ్రా. ఎందుకో ముందు మామూలు లెక్కతో, తర్వాత అపోజిషన్‌తో చూద్దాం.

మామూలు లెక్క ఇలా. తెలుపు రాజు d4 చేరాలంటే మూడు ఎత్తులు కావాలి: Kd2, Kd3, Kd4. దాన్ని ఆపాలంటే, తెలుపు రాజు d3లో ఉన్నప్పుడు నలుపు రాజు d5లోనో e5లోనో ఉండి తీరాలి. అక్కడి నుంచే d4, e4 రెండూ అతని కాపలాలో ఉంటాయి. e8 నుంచి 5వ వరుసకి రావడానికి నలుపుకీ మూడు ఎత్తులే పడతాయి. ఎత్తు తెలుపుది అయితే, తెలుపు మూడో ఎత్తు వేసేసరికి నలుపు రెండే వేసి ఉంటాడు. ఒక్క అడుగు ఆలస్యం. ఎత్తు నలుపుది అయితే సరిగ్గా సమయానికి వస్తాడు.

తెలుపు ఎత్తుతో ఆడి చూడండి. 1.Kd2 Ke7. ఇక్కడ 2.Ke3 వేయండి (Kd3 కూడా గెలుస్తుంది). నలుపు 2...Ke6 అంటే 3.Ke4, 2...Kd6 అంటే 3.Kd4, 2...Kf6 అంటే 3.Kf4. ఎటు వచ్చినా ఎదురుగా నిలబడుతూనే కీలక గడిలో అడుగు పెడుతున్నారు. ఆపైన చేతిలో e3 అనే ఎత్తు కూడా ఉంది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన వింత. 1.Kd2 తర్వాత నలుపు తెలివిగా 1...Kd8 వేశాడనుకోండి. d2, d8 ఒకే నిలువు వరుస, మధ్యలో ఐదు గళ్లు, ఎత్తు తెలుపుది. పుస్తకం ప్రకారం దూరపు అపోజిషన్ నలుపు చేతిలో ఉంది. చూసి కంగారుపడి వెనక్కి తగ్గేవాళ్లని చూశాను. తగ్గకండి. 2.Kd3 Kd7 3.Kd4. కీలక గడి చేరారు, ఇక అపోజిషన్ ఎవరిదైతే ఏం? 3...Kd6 అంటూ ఎదురుగా నిలబడితే 4.e3. చేతిలోని ఎత్తు వాడేశారు, ఇప్పుడు కదలాల్సింది అతను. 4...Kc6 అంటే 5.Ke5.

4...Ke6 అంటే మాత్రం జాగ్రత్త. ఖాళీగా కనిపిస్తోంది కదా అని Kc5 వేస్తే నలుపు Ke5తో లోపలికి దూరి, ఆ తర్వాత Ke4తో బంటునే తినేస్తాడు. 5.Ke4 వేసి బంటు ముందే ఎదురుగా నిలబడండి. ఇది పైన మొదట ఆడిన పొజిషనే, ఎత్తు నలుపుది.

అంటే దూరపు అపోజిషన్ ఉన్నంత మాత్రాన నలుపుకి ఒరిగిందేమీ లేదు. సమయానికి చేరలేనివాడికి అపోజిషన్ అక్కరకు రాదు. అందుకే ముందు అడుగులు లెక్కపెట్టండి. లెక్కలో ఇద్దరూ సమానంగా చేరుతున్నారని తేలితే అప్పుడు అపోజిషన్ చూడండి.

నాలుగో పని: సమానంగా చేరుతున్నప్పుడు సరి, బేసి చూడండి

అదే పొజిషన్, ఎత్తు నలుపుది. ఇప్పుడు ఇద్దరూ సమానం, కాబట్టి అపోజిషన్ తేలుస్తుంది.

దూరపు అపోజిషన్ తెలుసుకోవడానికి నేను వాడే పద్ధతి ఇది. రెండు రాజుల మధ్య అక్షరాల తేడా ఎంతో, అంకెల తేడా ఎంతో చూస్తాను. రెండు తేడాలూ సరి సంఖ్యలైతే (సున్నా కూడా సరే), ఎత్తు వేయాల్సినవాడికి అపోజిషన్ లేదు. ఏ ఒక్కటి బేసి అయినా, ఎత్తు వేయాల్సినవాడు సాధారణంగా దాన్ని సరి చేసి అపోజిషన్ తీసుకోగలడు. e4, e6 అంటే తేడాలు 0, 2. e3, e7 అంటే 0, 4. e1, e7 అంటే 0, 6. రాజులు ఒకే వరుసలో లేకపోయినా ఇదే లెక్క పనిచేస్తుంది. b2, d6 అయితే 2, 4, రెండూ సరి. గళ్ల మధ్య ఖాళీలు లెక్కపెట్టడం కంటే ఇది వేగంగా అవుతుంది, గడియారం పరుగెడుతున్నప్పుడు తప్పులు కూడా తక్కువ.

మన పొజిషన్‌లో e1, e8. తేడాలు 0, 7. ఏడు బేసి, ఎత్తు నలుపుది, కాబట్టి దాన్ని ఆరు చేస్తాడు: 1...Ke7. ఇప్పుడు తెలుపు ఎటు కదిలినా తేడా బేసి అవుతుంది, నలుపు మళ్లీ సరి చేస్తాడు.

2.Kd2 అంటే తేడాలు 1, 5. నలుపు 2...Kd6 వేసి 0, 4 చేస్తాడు. 3.Ke3 అంటే 3...Ke5. 3.Kc3 అంటే 3...Kc5. 3.Kd3 అంటే 3...Kd5. ప్రతిసారీ తేడా 0, 2. తెలుపు రాజు 4వ వరుసను చూస్తూ ఉంటాడు, అడుగు పెట్టలేడు. చేతిలో e3 ఎత్తు ఉంది కదా అంటారా? రాజు ఇంకా 3వ వరుసలోనే ఉన్నాడు, బంటు e3కి వస్తే రాజు పక్కకి వస్తుంది తప్ప రాజు వెనక ఉండదు. కీలక గళ్లేమో d5, e5, f5కి జరిగిపోతాయి. 3.Kd3 Kd5 తర్వాత 4.e3 అంటే నలుపు 4...Ke5 అంటాడు. ఇప్పుడు 5.Ke3 వేసి ఎదురు నిలబడదామన్నా ఆ గడిలో మన బంటే ఉంది. సొంత బంటు రాజుకి అడ్డమయ్యే ఈ పరిస్థితిని సరి, బేసి లెక్క చూపించదు, మీ కళ్లే చూడాలి.

4.e4+ వేసి చూద్దాం, ఎందుకంటే ఎక్కువమంది ఆడేది ఇదే. 4...Ke5 5.Ke3 Ke6 6.Kf4 Kf6 7.e5+ Ke6 8.Ke4 Ke7 9.Kd5 Kd7 10.e6+ Ke7 11.Ke5. ఇక్కడ దాకా కొన్ని చోట్ల నలుపు వేరే ఎత్తు వేసినా బతికేవాడు. ఇక్కడ మాత్రం ఒకే ఒక్క ఎత్తు ఉంది: 11...Ke8. నేరుగా వెనక్కి, బంటు నిలువు వరుసలోకి. ఎందుకంటే తర్వాత 12.Kd6 అంటే 12...Kd8, 12.Kf6 అంటే 12...Kf8, అపోజిషన్ దొరుకుతుంది. 13.e7+ Ke8 14.Ke6, స్టేల్‌మేట్. అలా కాక 11...Kd8 అంటే 12.Kd6 Ke8 13.e7. బంటు 7వ వరుసకి చెక్ ఇవ్వకుండా వచ్చింది. 13...Kf7 14.Kd7, అయిపోయింది. ఒక కొండగుర్తు: ఆఖరి రెండు వరుసల దగ్గర, బంటు 7వ వరుసకి చెక్ ఇస్తూ వస్తే సాధారణంగా డ్రా, చెక్ లేకుండా వస్తే గెలుపు.

నలుపు వైపు ఆడేవాళ్లు ఎక్కడ జారతారో కూడా చూడాలి. 1...Ke7 2.Kd2 తర్వాత, బంటు దగ్గరికి త్వరగా పోవాలన్న టెన్షన్‌లో 2...Kf6 అంటారు. ముందుకే వెళ్లాడు కదా, తప్పేంటి అనిపిస్తుంది. d2, f6 తేడాలు 2, 4. రెండూ సరే, ఎత్తు తెలుపుది. మరి నలుపుకే అపోజిషన్ ఉండాలి కదా? ఇక్కడే లెక్కని గుడ్డిగా నమ్మకూడదు. తెలుపు 3.Kd3 అంటాడు, బెదిరింపు Kd4, Ke4 రెండూ. వాటిని ఒకేసారి ఆపాలంటే నలుపు e5కి రావాలి, d5 అతనికి అందదు. 3...Ke5 4.Ke3. ఎదురెదురు, ఎత్తు నలుపుది. 4...Kd5 అంటే 5.Kf4, 4...Kf5 అంటే 5.Kd4. తెలుపు కీలక గడిలో ఉన్నాడు.

ఏం జరిగింది? తేడాలు 2, 4 ఉన్నప్పుడు నలుపు అపోజిషన్‌ని కాపాడుకోవాలంటే 3.Kd3కి జవాబుగా f5కో d5కో వెళ్లాలి. f5కి వెళ్తే Kd4 వచ్చేస్తుంది, d5 దూరం. కాగితం మీద అపోజిషన్ ఉంది, దాన్ని వాడుకోవాల్సిన చోట గడి లేదు. తెలుపు రాజు ఉన్న వరుసకి దూరంగా పక్కవాటు అపోజిషన్ తీసుకుంటే తరచుగా ఇలాగే అవుతుంది. అందుకే వీలైనంత వరకు తేడాల్లో ఒకటి సున్నా అయ్యేలా, అంటే అదే నిలువు వరుసలో ఎదురుగా ఉండేలా నిలబడండి. 2...Kd6 సరిగ్గా అదే చేసింది.

లెక్క మారే చోట్లు

మూడు చోట్ల పై పద్ధతిని యథాతథంగా వాడితే దెబ్బ తింటారు.

మొదటిది మీకు లాభం. రాజు 6వ వరుసకి చేరి, బంటు అతని వెనకే 5వ వరుసలో ఉంటే అపోజిషన్ అక్కరలేదు. తెలుపు రాజు e6, బంటు e5, నలుపు రాజు e8, ఎత్తు తెలుపుది. అపోజిషన్ నలుపు చేతిలో ఉంది. అయినా Kd6 Kd8 e6 Ke8 e7, చెక్ లేకుండా వచ్చింది, Kf7 Kd7, గెలుపు. 5వ వరుస బంటుకి ఆరు కీలక గళ్లని పైన చెప్పింది ఇందుకే. బోర్డు అంచు దగ్గర నలుపు రాజుకి వెనక్కి తగ్గే చోటు అయిపోతుంది.

రెండోది b, g వరుసల బంట్లు. పై నియమం వీటికీ వర్తిస్తుంది, గెలుపే, కానీ ఒక గుంట ఉంది. తెలుపు రాజు g6, బంటు g5, నలుపు రాజు g8, ఎత్తు తెలుపుది. ఇందాకటి e బంటు అలవాటుతో లోపలి వైపు Kf6 వేశారు. నలుపు Kh7. ఇప్పుడు g6+ వేస్తే నలుపు Kh8 అంటాడు, ఆట డ్రా అయిపోతుంది: Kf7 అంటే స్టేల్‌మేట్, g7+ అంటే Kg8, ఆపైన Kg6 మళ్లీ స్టేల్‌మేట్. మొదటి ఎత్తే Kh6 వేయండి, అంచు వైపు నుంచి. Kh8 g6 Kg8 g7 Kf7 Kh7, అంతే. పొరపాటున Kf6 వేసి Kh7 చూశాక గుర్తొచ్చినా కంగారు లేదు. Kf7 Kh8 Kg6 Kg8 అంటూ మొదటికి వచ్చి, ఈసారి Kh6 వేయండి. g6 ఎత్తుని మాత్రం ముట్టుకోకండి, Kf7 Kh8 తర్వాత g6 వేసినా స్టేల్‌మేటే.

మూడోది a, h బంట్లు. ఇక్కడ అపోజిషన్‌ని పూర్తిగా మరిచిపోండి. తెలుపు రాజు a6, బంటు a5, నలుపు రాజు a8, ఎత్తు నలుపుది. అపోజిషన్ తెలుపుదే, రాజు 6వ వరుసలో, బంటు ముందు. మామూలు బంటు అయితే ఎప్పుడో గెలుపు. ఇక్కడ నలుపు Kb8 అంటాడు, Kb6 అంటే Ka8, a6 Kb8 a7+ Ka8, ఇక Ka6 అంటే స్టేల్‌మేట్, వేరే ఎటు వెళ్లినా బంటు పోతుంది. పక్కకి తిరిగి రావడానికి బోర్డుకి అవతలి వైపు లేదు, అదే తేడా. a బంటుకి కీలక గళ్లు రెండే, b7, b8. నలుపు రాజు ఆ మూలకి చేరాడంటే గెలుపు లేనట్టే. మూలకి చేరకపోయినా, తెలుపు రాజు బంటు ముందే a వరుసలో ఉన్నప్పుడు నలుపు c8, c7 గళ్ల మధ్య తిరుగుతూ అతన్ని బయటికి రాకుండా బంధించేయగలడు.

ఆటలో వాడేటప్పుడు

ఏనుగులు మార్చుకునే ముందు నేను మనసులో వేసుకునే ప్రశ్నలు ఈ వరుసలో ఉంటాయి. బంటు అంచుదా? అయితే అపోజిషన్ లెక్క మానేసి, ఎదుటి రాజు మూలకి చేరతాడా అన్నది మాత్రమే చూస్తాను. కాకపోతే కీలక గళ్లేవి, నా రాజుకి ఎన్ని ఎత్తులు, ఎదుటి రాజు వాటిని కాయడానికి ఎన్ని ఎత్తులు? ఒకరు స్పష్టంగా ముందుంటే అక్కడితో లెక్క ముగిసింది. సమానమైతే మార్పిడి అయ్యాక ఎత్తు ఎవరిదో తేల్చుకుని, తేడాలు సరో బేసో చూస్తాను. మార్పిడిలో ఆఖరి పావును ఎవరు తింటారన్నదే ఎత్తుని నిర్ణయిస్తుంది, కాబట్టి ఎక్కువ తప్పులు ఇక్కడే దొర్లుతాయి. మీరు చివరగా తింటే ఎత్తు అతనిది.

ఇంటి దగ్గర సాధన చేయాలంటే e1, e2, e8 పొజిషన్‌నే తీసుకోండి. ఎత్తు ఒకసారి తెలుపుకి, ఒకసారి నలుపుకి ఇచ్చి, రెండు వైపులా మీరే ఆడండి. తర్వాత నలుపు రాజుని d8కి, f8కి, c8కి జరిపి, బోర్డు ముట్టుకోకుండా ముందు ఫలితం చెప్పి, ఆపైన ఆడి సరిచూసుకోండి. తప్పు చెప్పిన ప్రతిసారీ ఏ ప్రశ్న దగ్గర పొరబడ్డారో చూడండి. నా విషయంలో పదికి ఏడుసార్లు అది సరి, బేసి దగ్గర కాదు, ఆ తొందరపడి కదిపిన బంటు దగ్గరే.